94 దగ్గర ఆగిన నెట్: 45 మీటర్ల వైరులో తప్పు ఎక్కడుంది?

నెలకు 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతున్నారు. కింద దుకాణంలో స్పీడ్ టెస్ట్ చేస్తే 290 దాకా వస్తోంది. పై గదిలో కంప్యూటర్‌కు మాత్రం ఎన్నిసార్లు చూసినా 94. ఒకసారి 93.8, ఇంకోసారి 94.3, అంతే తేడా. పొద్దునా అదే, రాత్రీ అదే. నెట్ కంపెనీ లైనులో లోపముంటే అంకె ఇలా ఒక్కచోట కుదురుగా ఉండదు, గంటగంటకూ ఊగుతుంది. 94 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిందంటే ముందు అనుమానించాల్సింది ఇంట్లోని వైరునే.

ఉమ్మడి వరంగల్ జిల్లా పరకాల వైపు తరచూ కనిపించే తరహా ఇంటిని లెక్క కోసం తీసుకుందాం. ముందు ఎరువులు, విత్తనాల దుకాణం. వెనక గోదాం. పైన కాపురం. రూటరు దుకాణంలో ఉంది. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే అబ్బాయి గది పైన ఉంది. రెంటి మధ్య వైరు నాలుగు ముక్కలుగా వెళ్లింది. రూటరు నుంచి గల్లాపెట్టె కింద ఉన్న చిన్న స్విచ్ దాకా 2 మీటర్లు. అక్కడి నుంచి గోదాంలో గోడవారగా, బస్తాల వెనక నుంచి మెట్ల మొదలు దాకా 22 మీటర్లు. అక్కడ ఎప్పుడో ఎవరో పెట్టిన జాయింటర్. దాని నుంచి మెట్ల మీదుగా, గది తలుపు సందులోంచి లోపలి స్విచ్ దాకా 18 మీటర్లు. చివర కంప్యూటర్‌కు 3 మీటర్లు. మొత్తం 45. నెట్‌వర్క్ వైరుకు నియమం ప్రకారం 100 మీటర్ల దాకా వెసులుబాటు ఉంది కాబట్టి దూరం ఇక్కడ దోషి కాదు.

ముందు ఆ 94 సంగతి తేల్చుకుందాం. ల్యాన్ వైరులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ వేగానికి నాలుగు జతలూ పనిచేయాలి. ఒక్కో జత 250 మోస్తుంది. 100 వేగానికైతే రెండు జతలు చాలు: 1, 2 పిన్నుల జత, 3, 6 పిన్నుల జత. మామూలుగా వేసే రంగుల వరుసలో ఇవి నారింజ, ఆకుపచ్చ. మిగిలిన నీలం జత (4, 5) గానీ గోధుమ జత (7, 8) గానీ తెగితే రెండు చివర్లా ఉన్న పరికరాలు 1000 కోసం కొన్నిసార్లు ప్రయత్నించి, కుదరక 100కు దిగిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది, నెట్ వస్తూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. అలా దిగడం తెలియని పాత పరికరాలైతే లింకు వచ్చి పోతూ సతాయిస్తాయి. నిజానికి అదే నయం, రోగం బయటపడుతుంది.

మరి 100 ఉండాల్సిన చోట 94 ఎందుకు? 1460 బైట్ల డేటా పంపాలంటే చిరునామాలు, తనిఖీ అంకెలు, ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య విరామం అన్నీ కలిపి తీగ మీద 1538 బైట్ల చోటు పడుతుంది. 1460ని 1538తో భాగిస్తే 94.9 శాతం. చాలా కంప్యూటర్లు ఇంకో 12 బైట్ల సమయముద్ర కూడా చేరుస్తాయి, అప్పుడు అది 94.1కి దిగుతుంది. 100 వేగం లింకు మీద స్పీడ్ టెస్ట్‌లో కనిపించే గరిష్ఠ అంకె ఈ రెంటి మధ్యే.

అయితే 94 కనబడగానే వైరు పీకేయకండి. చవక రూటర్లు, చిన్న స్విచ్‌లు, కొన్ని ల్యాప్‌టాప్‌ల పోర్టులే 100 దాకా వెళ్లేవి ఉంటాయి. అవి కొత్త వైరుతోనూ 94 దాటవు. కాబట్టి మొదటి పరీక్ష రూటరు దగ్గరే. మంచిదని తెలిసిన ఒక మీటరు వైరుతో ల్యాప్‌టాప్‌ను నేరుగా రూటరుకు పెట్టి చూడాలి. ల్యాప్‌టాప్‌లో వైఫై తప్పనిసరిగా ఆపాలి. ఆపకపోతే వైరు చచ్చిపోయినా వైఫై మీదుగా నెట్ వచ్చి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో పూటంతా పోగొట్టుకున్న మెకానిక్‌లు తక్కువేం కాదు. స్పీడ్ టెస్ట్ కూడా అక్కర్లేకుండా లింకు వేగాన్ని నేరుగా చూడొచ్చు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి మొదటిది, లినక్స్‌లో రెండోది:

```
Get-NetAdapter
ethtool eth0
```

మొదటి దాంట్లో `LinkSpeed` కింద `1 Gbps` అనో `100 Mbps` అనో వస్తుంది. రెండో దాంట్లో `Speed: 1000Mb/s` లేదా `100Mb/s`. లినక్స్‌లో కార్డు పేరు `eth0` కాకుండా వేరే ఉంటే అది రాసుకోవాలి.

మన ఇంట్లో రూటరు దగ్గర 1 Gbps వచ్చింది. అంటే ల్యాప్‌టాప్, రూటరు రెండూ నిర్దోషులు. ఇక నాలుగు ముక్కల్లో ఏది? వరుసగా ఒక్కొక్కటీ చూడనక్కర్లేదు. నడుమకు వెళ్లి మెట్ల మొదలున్న జాయింటర్ విప్పి, దుకాణం వైపు నుంచి వచ్చే కొసను ల్యాప్‌టాప్‌కు పెట్టి స్పీడ్ టెస్ట్ చేయాలి. లింకు వేగం దగ్గరి స్విచ్ దాకా ఉన్న వైరు సంగతే చెబుతుంది. అక్కడ బాగుంటే తప్పు పై సగంలో, బాగోకపోతే కింది సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తే నాలుగు ముక్కల్లో ఒకటి రెండు పరీక్షల్లో తేలుతుంది. జాయింటర్ దగ్గర 94 వచ్చింది. గల్లాపెట్టె కింద స్విచ్ దగ్గర 290 వచ్చింది. దొంగ గోదాంలోని 22 మీటర్లలో ఉన్నాడు.

చాలామంది ఇక్కడే ఆగి ఆ 22 మీటర్లూ పీకి కొత్తది వేస్తారు. వైరు బయటికి కనిపిస్తూ, పాతబడి ఉంటే అదే మంచి పని. కానీ గోదాంలో వైరు బస్తాల వెనక ఉంది. నూట యాభై బస్తాలు జరిపితే గానీ గోడ కనిపించదు. 22 మీటర్లలో ఏ మీటరో తెలిస్తే ఆ మూల ఒక్కటీ ఖాళీ చేస్తే సరిపోతుంది.

దీనికి ఎలక్ట్రీషియన్ దగ్గరుండే మామూలు ల్యాన్ టెస్టర్ సగం పనే చేస్తుంది. ఒక చివర పెద్ద డబ్బా, రెండో చివర చిన్న డబ్బా పెడితే 1 నుంచి 8 దాకా లైట్లు వరుసగా వెలుగుతాయి. ఇక్కడ 4, 5 వెలగలేదు. నీలం జత తెగిందని తేలింది, ఎక్కడన్నది తేలలేదు. మల్టీమీటర్‌లో ఓమ్స్ చూసినా లాభం లేదు. తెగిన తీగ మీటరు దూరంలో తెగినా, ఇరవై మీటర్ల దూరంలో తెగినా నిరోధం ఒకటే, అనంతం.

పనికొచ్చేది కెపాసిటెన్స్. అదే మల్టీమీటర్‌లో నానోఫారడ్లు చూపే మీట ఉంటే చాలు. పక్కపక్కన మెలిపెట్టిన రెండు తీగలు చిన్న కెపాసిటర్‌లా ప్రవర్తిస్తాయి. ఎంత పొడవుంటే అంత కెపాసిటెన్స్. మామూలు క్యాట్ 5ఈ వైరులో మీటరుకు దాదాపు 52 పికోఫారడ్లు ఉంటుంది. తీగ తెగితే మీటరు కొలిచేది తెగిన చోటు దాకానే, ఆ అవతలి ముక్క లెక్కలోకి రాదు. కాబట్టి అంకె చూసి దూరం చెప్పొచ్చు.

వైరు రెండు చివరలూ పరికరాల నుంచి ఊడదీయాలి. ఇది మరిచిపోతే కొలతలన్నీ వృథా. పోర్టు లోపల ప్రతి జతకూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట ఉంటుంది, అది రెండు తీగలనూ కలిపేసి మీటరును తికమక పెడుతుంది. ఊడదీశాక ముందు మీటరు కొనలను ఉత్తగా గాల్లో పట్టుకుని, అవి చూపే చిన్న అంకెను తీసేయాలి. తర్వాత దుకాణం చివర నారింజ జతను కొలిచారు: 1.14 నానోఫారడ్లు. 22ని 52తో గుణిస్తే 1144 పికోఫారడ్లు, అంటే ఈ జత చివరి దాకా బాగుంది. నీలం జతను కొలిస్తే 0.44. మీటరుకు 52 అన్న అంకెను గుడ్డిగా నమ్మాల్సిన పనే లేదు, వైరుకూ వైరుకూ అది కొంచెం మారుతుంది. అదే వైరులో బాగున్న జతే కొలబద్ద:

```
(0.44 / 1.14) x 22 = 8.5
```

దుకాణం చివరి నుంచి 8.5 మీటర్లు. సరిచూసుకోవడానికి మెట్ల వైపు నుంచి అదే జతను కొలిస్తే 0.70 వచ్చింది, అంటే 13.5 మీటర్లు. రెండూ కలిపితే 22. ఇలా కలిసిందంటే తెగింది ఒక్కచోటే. మొత్తం 22 కన్నా బాగా తక్కువ వస్తే రెండు చోట్ల తెగి, మధ్యలో ఒక ముక్క ఎటూ కాకుండా పడి ఉందన్నమాట. ఒక చివర సున్నాకు దగ్గరగా, రెండో చివర పూర్తి పొడవు వస్తే తప్పు వైరులో లేదు, సున్నా వచ్చిన వైపు ఆర్‌జే 45 మూతి సరిగా క్రింప్ కాలేదు. అదృష్టవంతులకు ఇదే తగులుతుంది, రెండు నిమిషాల పని. ఒక పరిమితి కూడా ఉంది. జతలో రెండు తీగలూ తెగితేనే లెక్క ఇంత శుభ్రంగా వస్తుంది. ఒక్కటే తెగితే రెండోది చివరి దాకా సాగి ఉంటుంది కాబట్టి దూరం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు రెండు చివర్ల కూడిక 22 దాటుతుంది, దాన్ని బట్టే పసిగట్టొచ్చు.

కొన్ని నెట్‌వర్క్ కార్డులు, మంచి స్విచ్‌లు ఇదే పనిని మరో దారిలో చేస్తాయి. తీగలోకి ఒక విద్యుత్ తట్టు పంపి, తెగిన చోటు తగిలి వెనక్కి వచ్చేందుకు పట్టిన సమయం కొలుస్తాయి. ఈ వైర్లలో సంకేతం నానోసెకనుకు దాదాపు 20 సెంటీమీటర్లు పోతుంది. 8.5 మీటర్లు పోయి రావడానికి 85 నానోసెకన్లు. లినక్స్‌లో 2020లో వచ్చిన 5.8 కెర్నెల్ నుంచి దీనికి `sudo ethtool --cable-test eth0` అనే ఆదేశం ఉంది, కాకపోతే కార్డు ఒప్పుకుంటేనే. అది కుదరని చోట మల్టీమీటరే దిక్కు.

టేపు పట్టి 8.5 మీటర్లు కొలిస్తే గోదాం ఎడమ మూల వచ్చింది. వైరు గోడ ఎక్కకుండా నేల మీద మలుపు తిరిగిన చోటు. బస్తాలు జరిపితే వైరు తొడుగు రెండంగుళాల మేర గీరినట్టు ఊడి, నీలం జత పూర్తిగా తెగి, గోధుమ జత మీద ప్లాస్టిక్ పోయి రాగి బయటపడి ఉంది. కింద పొట్టు, నల్లని గింజల్లాంటి పెంటికలు. ఎవరి పనో వేరే చెప్పనక్కర్లేదు.

ఎలుక వైరు తినదు, కొరుకుతుంది. దాని ముందు పళ్లు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి, అరగదీయకపోతే నోరు మూతపడదు. 5, 6 మిల్లీమీటర్ల మందమున్న ల్యాన్ వైరు దాని నోటికి సరిగ్గా సరిపోతుంది. లోపలి రాగి తీగ అర మిల్లీమీటరే, అదేమంత అడ్డు కాదు. పరకాల లాంటి వరి, పత్తి ఊళ్లలో కోతలయ్యాక పొలంలో తిండి తగ్గిన ఎలుకలు, పందికొక్కులు గింజ ఉన్న గోదాముల వైపు మళ్లడం రైతులెరిగిందే. ఇది మన ఊళ్ల గొడవే అనుకోకండి. అమెరికాలో లెవెల్ 3 అనే పెద్ద నెట్‌వర్క్ కంపెనీ 2011లో తన కేబుళ్లకు ఆ ఏడాది అప్పటిదాకా జరిగిన నష్టంలో 17 శాతం ఉడతల పళ్ల వల్లేనని చెప్పుకుంది.

తెగిన చోట ఎనిమిది తీగలనూ రంగుకు రంగు మెలిపెట్టి టేపు చుట్టేవాళ్లు ఉన్నారు. కరెంటు వైరుకు అది నడుస్తుందేమో గానీ దీనికి నడవదు. జతల మెలికే ఈ వైరు ప్రాణం, కనెక్టర్ దగ్గర కూడా 13 మిల్లీమీటర్లకు మించి మెలిక విప్పకూడదన్నది నియమం. కొరికిన భాగాన్ని రెండువైపులా నున్నటి తొడుగు వచ్చేదాకా కోసి, రెండు కొసలకూ మూతులు క్రింప్ చేసి, జాయింటర్‌తో కలిపి, దాన్ని నేలకు కాక గోడకు మీటరు ఎత్తున బిగించారు. నేల మీదుండే భాగానికి ఇనుప పైపు తొడిగారు. ప్లాస్టిక్ పట్టీ తొడిగితే ఎలుకకు కొరకడానికి ఇంకో పొర ఇచ్చినట్టే.

ఇప్పుడు పై గదిలో స్పీడ్ టెస్ట్ 94 దాటింది. పని అయిపోయిందనిపించింది. కానీ సగం సగం చేస్తూ వెతికే పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది, అది ఒకేసారి ఒక్క తప్పునే పట్టిస్తుంది. బాగు చేశాక చివరి నుంచి చివరకు మళ్లీ చూడకపోతే రెండోది దాక్కుంటుంది. ఇక్కడ దాక్కుంది కూడా. మధ్యాహ్నాలు మాత్రమే వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతోందని ఆ అబ్బాయి చెబుతూనే ఉన్నాడు. అందరూ అది నెట్ కంపెనీ రద్దీ అనుకున్నారు. మధ్యాహ్నం ఆ ఇంట్లో మారేది ఒకటే: ఏసీ వేస్తారు, గది తలుపు మూస్తారు.

18 మీటర్ల వైరు ఆ తలుపు బందుల వైపు సందులోంచి లోపలికి వచ్చింది. తలుపు చుట్టూ వైరు దూర్చడానికి ఇంతకంటే చెడ్డ చోటు లేదు. గొళ్లెం దగ్గర, బందుకు 75 సెంటీమీటర్ల దూరంలో, 2 కిలోల బరువుతో నెట్టారనుకోండి. వైరు బందుకు ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో ఉంది. 75ను 1.5తో భాగిస్తే 50. ఆ 2 కిలోలు వైరు మీద 100 కిలోలై పడతాయి. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే. గొళ్లెం వైపు సందులో వేసి ఉంటే ఆ 2 కిలోలే పడేవి. రోజుకు ముప్పైసార్లు తలుపు వేస్తే ఏడాదికి దాదాపు 11 వేల నొక్కుళ్లు. గోడలకు వేసే వైరులోని రాగి ఒంటి తీగ, ఇన్ని వంపులు తట్టుకోదు. లోపల విరుగుతుంది. విరిగిన కొనలు రెండూ తొడుగులో ఒకదానికొకటి తాకుతూ ఉంటాయి కాబట్టి తలుపు తీసి ఉన్నంతసేపూ అంతా బాగున్నట్టే. తలుపు నొక్కగానే కొనలు కదులుతాయి.

ల్యాన్ టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వెలిగాయి. ఈ టెస్టర్ల అసలు లోపం ఇదే. తీగ కలిసిందా లేదా అన్నదే అవి చూస్తాయి, ఎంత బాగా కలిసిందో చూడవు. తీగ విరగకుండా వైరు నలిగిపోయినా ఇదే తంతు. జతలోని రెండు తీగల మధ్య దూరం మారితే దాని 100 ఓమ్‌ల లక్షణం ఆ చోట దెబ్బతిని, సంకేతంలో కొంత వెనక్కి తన్నుతుంది. లైట్లు అది చెప్పలేవు.

ఇలాంటి దాన్ని పట్టేది పింగ్, అదీ పెద్ద ప్యాకెట్లతో. విండోస్ మామూలుగా పంపే పింగ్‌లో డేటా 32 బైట్లే. ముందువెనకలు కలిపి 78 బైట్ల చట్రం. 1472 బైట్లతో పంపితే చట్రం 1518 అవుతుంది, అంటే తీగ మీద దాదాపు 20 రెట్లు ఎక్కువసేపు ఉంటుంది. చిన్నది తప్పించుకున్న చోట పెద్దది దొరికిపోతుంది.

```
ping -n 500 -l 1472 192.168.1.1
```

చివరి అంకె రూటరు చిరునామా, మీ ఇంట్లో వేరే ఉండొచ్చు. సెకనుకొకటి చొప్పున ఇది ఎనిమిది నిమిషాలకు పైనే నడుస్తుంది. తలుపు తీసి ఒకసారి, మూసి ఒకసారి. తీసినప్పుడు 500కు 500 వచ్చాయి. మూసినప్పుడు 490. తలుపు స్థితి తప్ప మరేమీ మారలేదు కాబట్టి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పది పోతే ఏమైంది, 2 శాతమే కదా అనిపిస్తుంది. పింగ్ పోయి రావాలి కాబట్టి ఒక్కో దారిలో నష్టం దాదాపు 1 శాతం. ఆ ఒక్క శాతం వేగాన్ని ఎంత తొక్కేస్తుందో చెప్పే సూత్రం ఒకటి 1997లో మాథ్యూ మాథిస్, ఆయన సహచరులు ఇచ్చారు. ప్యాకెట్ పరిమాణాన్ని పోయివచ్చే సమయంతో భాగించి, నష్టం వర్గమూలంతో మళ్లీ భాగించి, 1.22తో గుణించాలి. సర్వరు 30 మిల్లీసెకన్ల దూరంలో ఉంటే:

```
(1460 x 8 / 0.030) x 1.22 / 0.1 = 4,750,000 (సుమారు)
```

అంటే 300 ప్లాన్‌లో ఒక డౌన్‌లోడ్‌కు దక్కేది 5 ఎంబీపీఎస్ లోపే. ప్యాకెట్ పోయిన ప్రతిసారీ దారిలో రద్దీ ఉందని అపార్థం చేసుకుని కంప్యూటర్ వేగం తగ్గించుకోవడమే దీనికి మూలం. కొత్త పద్ధతులు వాడే సర్వర్లు ఇంత భయపడవు, వాటితో అంకె మెరుగ్గా ఉంటుంది. స్పీడ్ టెస్ట్‌లు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తాయి కాబట్టి అక్కడ కూడా నష్టం సరిగా కనబడదు. వీడియో కాల్‌లో మాత్రం వెంటనే తెలుస్తుంది.

నలిగిన చోటు ఎక్కడో వెతకాల్సిన పని లేదు, తలుపు దగ్గరే. తొడుగు మీద చదునైన మచ్చ కనిపిస్తుంది, వేలితో తడిమితే గుండ్రటి వైరు పలక బారినట్టు తగులుతుంది. ఆ ముక్కను కోసి, వైరును బందుల సందు నుంచి తప్పించి, చౌకట్టు పక్కన గోడకు 10 మిల్లీమీటర్ల రంధ్రం వేసి లోపలికి తీసుకున్నారు. ఆర్‌జే 45 మూతి వెడల్పు పదకొండు మిల్లీమీటర్ల పైనే కాబట్టి ముందు వైరు దూర్చి, తర్వాత మూతి క్రింప్ చేయాలి. మలుపు దగ్గర వైరును చురుగ్గా మడవకూడదు. వంపు వ్యాసార్ధం వైరు మందానికి నాలుగింతలు, అంటే రెండున్నర సెంటీమీటర్లకు తగ్గకూడదు. పని ముగిశాక రంధ్రం చుట్టూ సిమెంటు పూయడం మరవొద్దు. అది చుంచెలుకకు దారి కాకూడదు.

తర్వాత తలుపు మూసి మళ్లీ 500 పింగ్‌లు వేశారు, 500 తిరిగొచ్చాయి. పై గదిలో స్పీడ్ టెస్ట్ 288 చూపింది. గోదాం వైరు రెండు ముక్కలైంది కాబట్టి ఒక్కో ముక్క పొడవునూ, బాగున్న జత చూపిన నానోఫారడ్లనూ మార్కర్‌తో జాయింటర్ పక్కన గోడ మీద రాశారు. ఈసారి ఎలుక వస్తే భాగహారం ఒక్కటే మిగులుతుంది.